రూబీకి సగం అయాన్లు, నియోడిమియంకు మూడు వేలలో ఒకటి: లేజర్ థ్రెషోల్డ్‌ను చేత్తో లెక్కగట్టే పద్ధతి

రెండు శక్తి స్థాయిలతో లేజర్ పనిచేయదని, మూడో నాలుగో కావాలని డిగ్రీ ఫిజిక్స్ పుస్తకాలన్నీ చెబుతాయి. బొమ్మ వేసి, బాణాలు గీసి వదిలేస్తాయి. మూడు స్థాయిలకూ నాలుగు స్థాయిలకూ మధ్య ఉన్న అసలు తేడా ఆ బొమ్మలో కనపడదు, లెక్క వేస్తేనే కనపడుతుంది. అందుకని ఇక్కడ రెండు నిజమైన స్ఫటికాలు తీసుకుని, ఒకే కొలతల కడ్డీలో, ఒకే అద్దాల మధ్య, ఒక్కోదాన్ని వెలిగించడానికి ఎంత పంపు కావాలో మొదటి నుంచి చివరి వరకు లెక్కగడదాం. పంపు అంటే అయాన్లను పై స్థాయికి ఎక్కించడానికి పోసే కాంతి శక్తి. లేజర్ వెలగడానికి చాలే కనీస పంపే థ్రెషోల్డ్. ఒకటి రూబీ, మూడు స్థాయిలది. 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబులో, హ్యూస్ పరిశోధనశాలలో థియోడర్ మైమన్ వెలిగించిన మొదటి లేజర్ ఇదే. రెండోది నియోడిమియం-యాగ్, అంటే యిట్రియం అల్యూమినియం గార్నెట్ స్ఫటికంలో నియోడిమియం కలిపినది, నాలుగు స్థాయిలది, 1964లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. శుక్లం ఆపరేషన్ అయిన కొంతకాలానికి లెన్స్ వెనక పొర మసకబారితే కంటి ఆసుపత్రిలో ‘యాగ్ లేజర్’ చేస్తారే, అదే ఇది.

ఈ అంకెలు పక్కన రాసి పెట్టుకోండి. లెక్కంతా వీటితోనే నడుస్తుంది.

```
                 రూబీ          Nd:YAG
λ                694.3 nm      1064 nm
N  (cm^-3)       1.58e19       1.38e20
τ  (పై స్థాయి)     3 ms          230 μs
σ  (cm^2)        2.5e-20       2.8e-19
పంపు λ            550 nm        808 nm
```

`N` అంటే ఒక ఘన సెంటీమీటరులో పనిచేసే అయాన్ల సంఖ్య. రూబీలో అవి క్రోమియం అయాన్లు (బరువులో 0.05 శాతం క్రోమియం ఆక్సైడ్ కలిపిన గులాబీ రూబీకి ఈ అంకె), యాగ్‌లో నియోడిమియం అయాన్లు (1 శాతం యిట్రియం స్థానాల్లో). `τ` పై స్థాయి సగటు ఆయుర్దాయం. `σ` సంగతి మూడో మెట్టులో వస్తుంది.

మొదటి మెట్టు: ఐన్‌స్టీన్ రాసిన తూకం

1916–17లో ఐన్‌స్టీన్ వేసుకున్న ప్రశ్న లేజర్ గురించి కాదు. ఒక పెట్టెలో అణువులూ కాంతీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర సమతౌల్యంలో ఉంటే, అణువులు కాంతిని తీసుకునే వేగం, ఇచ్చే వేగం సమానం కావాలి. కింది స్థాయిలో `N1`, పై స్థాయిలో `N2` అణువులున్నాయనుకుందాం. పై నుంచి కిందికి తమంతట తాము జారే రేటు `A`. దీన్ని స్వచ్ఛంద ఉద్గారం అంటాం. చుట్టూ ఉన్న కాంతి శక్తి సాంద్రత `ρ` కాబట్టి శోషణ రేటు `B12·ρ`. ఈ రెండే చాలవని, అదే కాంతి పైనున్న అణువును కిందికి కూడా దింపగలగాలని ఐన్‌స్టీన్ మూడో పదం చేర్చాడు. `B21·ρ` అనే ఆ పదమే ప్రేరిత ఉద్గారం, మనం స్టిమ్యులేటెడ్ ఎమిషన్ అనేది.

```
N2·A + N2·B21·ρ = N1·B12·ρ
N2/N1 = exp(-hν/kT)
```

రెండు స్థాయిల డీజెనరసీ, అంటే ఒకే శక్తి దగ్గరున్న స్థితుల సంఖ్య, ఒకటే అనుకుని, పై రెండు వరుసల నుంచి `ρ` రాబట్టండి. ఉష్ణోగ్రత అనంతానికి పోతే `ρ` కూడా అనంతం కావాలి. దానికి `B12 = B21` అయి తీరాలి. అప్పుడు మిగిలేది ఇది:

```
ρ = (A/B) / (exp(hν/kT) - 1)
A/B = 8π·h·ν³/c³
```

రెండో వరుస ప్లాంక్ సూత్రంతో పోల్చితే వచ్చింది. ఇక్కడ ఒక పని చేసి చూడండి: `B21` పదాన్ని కొట్టేసి మళ్లీ లెక్క వేయండి. భాజకంలోని మైనస్ ఒకటి మాయమై, ప్లాంక్ సూత్రానికి బదులు వీన్ సూత్రం వస్తుంది. అది అధిక పౌనఃపున్యాల దగ్గరే సరిపోయి, తక్కువ పౌనఃపున్యాల దగ్గర కొలతలతో పొసగదు. అంటే ప్రేరిత ఉద్గారం ఎవరో ఊహించి పెట్టిన అలంకారం కాదు, ఆ మైనస్ ఒకటి నిలబడాలంటే తప్పనిసరిగా ఉండాల్సిన పదం.

లెక్కల్లో ఎక్కువమంది దెబ్బతినేది `B` దగ్గరే. ఒక పుస్తకం `ρ`ను పౌనఃపున్యం `ν` ప్రకారం రాస్తే, ఇంకోటి కోణీయ పౌనఃపున్యం `ω` ప్రకారం రాస్తుంది. మరోటి శక్తి సాంద్రతకు బదులు తీవ్రత వాడుతుంది. `2π`, `c` వంటి గుణకాలు అటూ ఇటూ మారతాయి. స్ఫటికం లోపల అయితే వక్రీభవన గుణకం కూడా చేరుతుంది. రెండు పుస్తకాల్లోని `B` విలువలను ఎప్పుడూ కలిపి వాడకండి. `A`కు ఈ బెడద లేదు, అది సెకనుకు ఇన్ని అనే శుద్ధ రేటు. అందుకే మనం `A` నుంచే బయల్దేరతాం.

రెండో మెట్టు: మామూలు వెలుగులో ప్రేరిత ఉద్గారం ఎందుకు కనపడదు

పై వరుసల నుంచే ఒక నిష్పత్తి తీయవచ్చు. సమతౌల్యంలో స్వచ్ఛంద ఉద్గారానికీ ప్రేరిత ఉద్గారానికీ ఉన్న నిష్పత్తి `exp(hν/kT) - 1`.

గది ఉష్ణోగ్రత దగ్గర `kT` సుమారు 0.0259 ఎలక్ట్రాన్ వోల్టులు. రూబీ ఎరుపు కాంతి ఫోటాన్ 1.786 ఎలక్ట్రాన్ వోల్టులు. భాగిస్తే 69, ఘాతం వేస్తే 10³⁰. ఒక్క ప్రేరిత ఫోటాన్‌కు అన్ని స్వచ్ఛంద ఫోటాన్లన్నమాట. అదే అమ్మోనియా అణువు వాడే 23.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ దగ్గర `hν/kT` 0.0038 మాత్రమే. అక్కడ ప్రేరిత ఉద్గారమే 260 రెట్లు ఎక్కువ. 1954లో టౌన్స్ బృందం ముందు మైక్రోవేవ్‌తో పనిచేసే మేజర్ (maser) చేసి, కాంతి లేజర్ మరో ఆరేళ్లకు గానీ రాకపోవడంలో ఆ `ν³` పాత్ర పెద్దది. పౌనఃపున్యం పెరిగే కొద్దీ పైకెక్కించిన అణువు మనం వాడుకునేలోపే తనంతట తాను జారిపోతుంది. మళ్లీ ఎక్కించడానికి పంపు ఖర్చు పెరుగుతుంది.

మూడో మెట్టు: `A` నుంచి లాభం లెక్కకు

కడ్డీలో కాంతి ఒక సెంటీమీటరు నడిస్తే ఎంత పెరుగుతుందో చెప్పే అంకె `g`. అది ఇలా వస్తుంది:

```
g = σ·(N2 - N1)
σ = λ²·A / (4π²·n²·Δν)
```

రెండో సూత్రం లోరెంట్జ్ ఆకారపు రేఖ శిఖరం దగ్గరిది. `σ` ఒక్కో అయాన్ కాంతికి అడ్డుగా చూపే ప్రభావ వైశాల్యం, `n` వక్రీభవన గుణకం, `Δν` రేఖ వెడల్పు. రూబీకి `A = 1/τ = 333` సెకనుకు, `n = 1.76`, గది ఉష్ణోగ్రత దగ్గర రేఖ వెడల్పు దాదాపు 330 గిగాహెర్ట్జ్. ఇవన్నీ పెడితే `σ` సుమారు 4×10⁻²⁰ చదరపు సెంటీమీటర్లు వస్తుంది. పట్టికలో ఉన్నది 2.5×10⁻²⁰. తేడా రావడానికి కారణముంది: ఆయుర్దాయం అన్ని దారుల్లో పోయే అయాన్లనూ లెక్కలోకి తీసుకుంటుంది, కానీ వెలువడే కాంతి అంతా ఈ ఒక్క రేఖలో రాదు. కొంత పక్క రేఖలోకి, కొంత స్ఫటిక కంపనాలతో కలిసిన వెడల్పాటి పట్టీలోకి పోతుంది. మీ లెక్క పదింతలు తేడాగా వస్తే అది ఈ కారణం కాదు, యూనిట్ల పొరపాటు. తరంగదైర్ఘ్యం సెంటీమీటర్లలో పెట్టారో లేదో చూసుకోండి.

రూబీలో ఇంకో మెలిక ఉంది. పై స్థాయి నిజానికి అతి దగ్గరగా ఉన్న రెండు స్థాయిలు, అయాన్లు రెండింట్లో సుమారు సగం సగం ఉంటాయి. మనం వాడే 694.3 నానోమీటర్ల రేఖ వాటిలో కిందిదాని నుంచే వస్తుంది. కాబట్టి మొత్తం పై స్థాయి అయాన్లను `N2` అని లెక్కపెడుతున్నప్పుడు పనికొచ్చే `σ` 1.25×10⁻²⁰ అని తీసుకోవాలి. దీనితో ఒక సరిచూపు: పంపు లేని రూబీలో అయాన్లన్నీ కిందే ఉంటే `g` సెంటీమీటరుకు మైనస్ 0.2 వస్తుంది. అంటే ఆ మేర శోషణ. ఈ అంకెను గుర్తుంచుకోండి, చివర్లో అవసరమవుతుంది.

`g` ధనాత్మకం కావాలంటే `N2` విలువ `N1`ను దాటాలి. పాపులేషన్ ఇన్‌వర్షన్ అంటే అంతే. శోషణ గుణకం, ప్రేరిత గుణకం సమానమని మొదటి మెట్టులో తేలింది కాబట్టి, ఎవరు ఎక్కువమంది ఉంటే వాళ్లదే పైచేయి.

నాలుగో మెట్టు: రెండు స్థాయిలు ఎక్కడ ఆగిపోతాయి

రెండే స్థాయిలున్న పదార్థాన్ని అదే రంగు కాంతితో పంపు చేద్దాం. శోషణ రేటు `W` అనుకుంటే, అదే కాంతి అదే `W` రేటుతో పైవాళ్లను కిందికీ దింపుతుంది. స్థిర స్థితిలో:

```
N2/N = W / (2W + 1/τ)
```

`W`ను `1/τ`కు సమానం చేయండి, పైన మూడో వంతు. పదింతలు చేయండి, 47.6 శాతం. వందింతలు చేస్తే 49.75 శాతం. సగం ఎప్పటికీ దాటదు. సగం దగ్గర పదార్థం ఆ కాంతికి పారదర్శకం అయిపోతుంది, ఇక పంపు కాంతిని తీసుకోవడమే మానేస్తుంది.

ఇది స్థిరంగా నడిచే పంపు సంగతి అని గమనించాలి. సరిగ్గా కొలిచిన పొట్టి కోహరెంట్ పల్స్‌తో అణువులన్నిటినీ ఒక్క క్షణం పైకి తిప్పవచ్చు, అది రేటు సమీకరణాల పరిధిలోకి రాదు. అమ్మోనియా మేజర్ ఇంకో దొడ్డిదారి తొక్కింది. పంపు చేయడం మానేసి, అసమాన విద్యుత్ క్షేత్రంతో పై స్థాయి అణువులను మాత్రమే వడగట్టి రెజొనేటర్‌లోకి పంపింది. ఘన స్ఫటికంలో కదలకుండా కూర్చున్న అయాన్లతో ఆ వడపోత సాధ్యం కాదు.

ఐదో మెట్టు: రూబీ లెక్క

పంపు చేరే స్థాయి వేరు, లేజర్ పై స్థాయి వేరు అయితే దింపుడు బెడద పోతుంది. రూబీలో క్రోమియం అయాన్లు ఆకుపచ్చ, ఊదా కాంతిని వెడల్పాటి పట్టీల్లో తీసుకుంటాయి. అక్కడి నుంచి ఎంతో వేగంగా, కాంతి ఇవ్వకుండా, 3 మిల్లీసెకండ్లు నిలిచే స్థాయికి జారతాయి. పంపు పట్టీలో ఎవరూ ఉండరు కాబట్టి పంపు కాంతికి దించేందుకు ఎవరూ దొరకరు. మూడో స్థాయి చేసే మేలు ఇదే. కానీ లేజర్ కింది స్థాయి మాత్రం నేలస్థాయే, మొదట అందరూ ఉన్న చోటే.

ఇప్పుడు కడ్డీ తీసుకుందాం. పొడవు `L` 5 సెంటీమీటర్లు, వ్యాసం 3 మిల్లీమీటర్లు, ఘనపరిమాణం 0.353 ఘన సెంటీమీటర్లు. ఒక అద్దం పూర్తిగా ప్రతిఫలించేది, రెండోది 90 శాతం. ఒక రాకపోకలో ఇతర నష్టాలు 2 శాతం. కాంతి ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి తగ్గకుండా ఉండాలంటే:

```
exp(2·g·L) × 0.90 × 0.98 = 1
2·g·L = 0.1256
g = 0.01256 cm^-1
```

రూబీకి దీన్ని 1.25×10⁻²⁰తో భాగిస్తే `N2 - N1` 1.0×10¹⁸ రావాలి. మొత్తం 1.58×10¹⁹ కాబట్టి `N2` = (15.8 + 1.0)/2 × 10¹⁸ = 8.4×10¹⁸. ఇందులో 7.9×10¹⁸ అయాన్లు కేవలం రూబీ తన కాంతిని తాను మింగకుండా ఉండడానికే ఖర్చయ్యాయి. లాభం ఇచ్చేది మిగిలిన ఆ కాస్తే. ఇల్లు కట్టబోయే చోట పెద్ద గొయ్యి ఉంటే ముందు దాన్ని నేలమట్టానికి పూడ్చాకే గోడ లేస్తుంది. రూబీలో పంపు శక్తి 94 శాతం ఆ గొయ్యి పూడ్చడానికే పోతుంది.

శక్తిలోకి మారుద్దాం. 550 నానోమీటర్ల ఫోటాన్ 3.61×10⁻¹⁹ జౌళ్లు. ఘన సెంటీమీటరుకు 3.03 జౌళ్లు కడ్డీలో శోషణ కావాలి. అదంతా 3 మిల్లీసెకండ్లలో కారిపోతుంది కాబట్టి ఆ స్థితిని నిలబెట్టాలంటే ఘన సెంటీమీటరుకు 1,010 వాట్లు పోస్తూనే ఉండాలి. మన కడ్డీ మొత్తానికి 357 వాట్లు. ఇది కడ్డీలో శోషణ కావాల్సిన అంకె మాత్రమే. ఫ్లాష్ దీపానికిచ్చే విద్యుత్తులో కొద్ది భాగమే ఈ రూపంలో చేరుతుంది, మిగతాది వేడి. అందుకే రూబీని ఒక్క ఫ్లాష్‌తో కొట్టి పల్స్‌గా వెలిగించడం సహజమైన దారి. ఒక్కసారి 1.07 జౌళ్లు శోషణ చేయించి, 3 మిల్లీసెకండ్లు గడిచేలోపే పని ముగించుకోవాలి. మైమన్ స్ప్రింగులా చుట్టిన జెనాన్ ఫ్లాష్ దీపం మధ్యలో రూబీని పెట్టింది ఇందుకే. 1 మిల్లీసెకండు కంటే బాగా పొడవైన ఫ్లాష్ వాడితే ముందు ఎక్కించిన అయాన్లు వెనకవి ఎక్కేలోపు కారిపోయి, అదే శక్తితో థ్రెషోల్డ్ అందదు.

ఆరో మెట్టు: నియోడిమియంకు అదే లెక్క

నియోడిమియంలో లేజర్ కింది స్థాయి నేలస్థాయి కాదు. దానికి 2,111 సెంటీమీటరు విలోమాల ఎత్తున, అంటే 0.262 ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఉంది. గది ఉష్ణోగ్రత `kT`కు ఇది పదింతలు. నేలస్థాయి చీలికలను కూడా కలిపి బోల్ట్జ్‌మన్ లెక్క వేస్తే అక్కడ ఉండే అయాన్లు లక్షలో రెండు. గొయ్యి దాదాపు లేనట్టే.

అద్దాలు, కడ్డీ పొడవు అవే కాబట్టి `g` కూడా అదే 0.01256. దాన్ని 2.8×10⁻¹⁹తో భాగిస్తే 4.5×10¹⁶. మొత్తం 1.38×10²⁰లో ఇది 0.033 శాతం, అంటే మూడు వేల పైచిలుకులో ఒక్క అయాన్. 808 నానోమీటర్ల ఫోటాన్ 2.46×10⁻¹⁹ జౌళ్లు, ఆయుర్దాయం 230 మైక్రోసెకండ్లు. ఘన సెంటీమీటరుకు 48 వాట్లు, కడ్డీకి 17 వాట్లు.

రూబీకి 357, దీనికి 17. ఇరవై ఒక్క రెట్లు. పైకెక్కించాల్సిన అయాన్ల నిష్పత్తి 187 రెట్లున్నా, పంపు తేడా 21 రెట్లకే ఎలా తగ్గిందని అడగాలి. రూబీ అయాన్లు 13 రెట్లు ఎక్కువసేపు పైన నిలుస్తాయి, కాబట్టి మళ్లీ మళ్లీ ఎక్కించే పని తక్కువ. ఆకుపచ్చ ఫోటాన్ ఒకటిన్నర రెట్లు ఖరీదు. 187ను 13తో భాగించి 1.47తో గుణిస్తే 21. దీర్ఘాయువే లేకపోతే రూబీ మొదటి లేజర్ అయ్యేదే కాదు.

ఇప్పుడు అసలు తేడాను చూపే చిన్న మార్పు. 90 శాతం అద్దం తీసి 99 శాతం అద్దం పెట్టండి. `2·g·L` విలువ 0.0303కు పడిపోతుంది. నియోడిమియం థ్రెషోల్డ్ నాలుగో వంతుకు దిగుతుంది. రూబీలో మాత్రం `N2` 8.4 నుంచి 8.0×10¹⁸కు, ఐదు శాతం కూడా తగ్గదు. నాలుగు స్థాయిల లేజర్‌లో థ్రెషోల్డ్‌ను నిర్ణయించేది అద్దాలూ నష్టాలూ. మూడు స్థాయిల లేజర్‌లో నిర్ణయించేది స్ఫటికంలో కలిపిన అయాన్ల సంఖ్య. రూబీలో క్రోమియం ఎక్కువ కలిపితే థ్రెషోల్డ్ పెరుగుతుంది, గొయ్యి లోతవుతుంది కాబట్టి.

ఏడో మెట్టు: మీది నిజంగా నాలుగు స్థాయిలేనా

స్థాయిలు లెక్కపెట్టి పేరు పెట్టేయడం చాలదు. కింది స్థాయిలో వేడి వల్ల చేరిన అయాన్లను, మీకు కావాల్సిన `N2 - N1`తో పోల్చి చూడాలి. 1064 నానోమీటర్ల దగ్గర అవి 2.6×10¹⁵. మనకు కావాల్సిన 4.5×10¹⁶లో ఆరు శాతం, వదిలేయవచ్చు. కానీ చల్లదనం సరిగా లేక కడ్డీ 127 డిగ్రీల సెల్సియస్‌కు పోయిందనుకోండి. అవి 2.8×10¹⁶కు పెరిగి, కావాల్సినదాంట్లో సగం దాటిపోతాయి. థ్రెషోల్డ్ ఆ మేరకు పైకి జరుగుతుంది.

అదే నియోడిమియం-యాగ్‌ను 946 నానోమీటర్ల దగ్గర నడపాలనుకుంటే కథ మారుతుంది. ఆ రేఖ దిగేది నేలస్థాయి చీలికల్లోనే అన్నిటికంటే పైదానికి. అక్కడ గది ఉష్ణోగ్రతలోనే 0.8 శాతం అయాన్లుంటాయి, ఘన సెంటీమీటరుకు 1.1×10¹⁸. 1064 దగ్గర థ్రెషోల్డ్‌కు కావాల్సినవాటికి ఇవి ఇరవైనాలుగు రెట్లు. పైగా ఆ రేఖ `σ` కూడా చిన్నది. స్ఫటికం ఒకటే, పై స్థాయి ఒకటే, కానీ ఇక్కడది పాక్షికంగా మూడు స్థాయిల లేజర్. ఈ రేఖ కావాలంటే పొట్టి స్ఫటికం, చిన్న మచ్చపై గట్టి పంపు, మంచి చల్లదనం, ఇంకా 1064ను ప్రతిఫలించని అద్దాలు కావాలి. ఆఖరిది మరిస్తే లేజర్ వెలుగుతుంది గానీ, మీరు కోరని రంగులో. 1030 నానోమీటర్ల యిట్టర్బియం-యాగ్‌లో ఈ భాగం నాలుగున్నర శాతం దాకా ఉంటుంది. అందుకే దాన్ని అతి బలమైన డయోడ్ పంపుతో నడుపుతారు.

రెండో పరీక్ష కింది స్థాయి ఎంత వేగంగా ఖాళీ అవుతుందన్నది. నియోడిమియంలో ఆ పని స్ఫటిక కంపనాలు చేస్తాయి, పై స్థాయి 230 మైక్రోసెకండ్లతో పోలిస్తే వేల రెట్లు త్వరగా. ఇది తలకిందులైతే ఏమవుతుందో చూపేది 337 నానోమీటర్ల నైట్రోజన్ లేజర్. దానిలో పై స్థాయి తక్కువ పీడనంలో 40 నానోసెకండ్లు నిలిస్తే, కింది స్థాయి మైక్రోసెకండ్లు నిలుస్తుంది. లేజర్ మొదలైన వెంటనే కింద జనం పేరుకుపోయి తనను తానే ఆపేసుకుంటుంది. నాలుగు స్థాయిల బొమ్మ ఎంత చక్కగా గీసినా అది నిరంతరంగా నడవదు.

ఎనిమిదో మెట్టు: బల్ల మీద సరిచూడడం

808 నానోమీటర్ల డయోడ్‌తో నియోడిమియం కడ్డీని పంపు చేస్తున్నారనుకుందాం. ముందుగా ఒక హెచ్చరిక. 1064 కంటికి కనపడదు, కానీ కంటి కటకం దాన్ని నేరుగా రెటీనా మీదకు కేంద్రీకరిస్తుంది. 808 మసక ఎరుపుగా తోచినా అసలు బలం కంటికి తెలియదు. ఆ రెండు తరంగదైర్ఘ్యాలకూ సరిపడే కళ్లద్దాలు పెట్టుకోకుండా డయోడ్ స్విచ్ వేయకూడదు.

పంపును కొద్దికొద్దిగా పెంచుతూ బయటికొచ్చే శక్తిని పవర్ మీటర్‌తో కొలిచి గీత గీయండి. కింద దాదాపు సున్నా, ఒక చోట వంపు, ఆపైన సరళరేఖ. సరళరేఖను వెనక్కి పొడిగించి అడ్డగీతను తాకించిన చోటు థ్రెషోల్డ్. పవర్ మీటర్‌లో మొదట పడే కాస్త రీడింగ్ లేజర్ కాదు, అద్దం దాటొచ్చిన పంపు కాంతి, ఫ్లోరెసెన్స్. మధ్యలో 808ను ఆపే ఫిల్టర్ పెట్టాలి. ఇంకో మంచి గుర్తుంది: కడ్డీ పక్క నుంచి ఫ్లోరెసెన్స్‌ను చూస్తే థ్రెషోల్డ్ దాకా పంపుతోపాటు పెరిగి, దాటాక పెరగడం ఆగిపోతుంది. లేజర్ మొదలయ్యాక `N2` అక్కడే బిగుసుకుంటుంది, అదనపు పంపంతా పుంజంలోకి పోతుంది.

వంపే రాకపోతే డయోడ్ ఉష్ణోగ్రత చూడండి. దాని తరంగదైర్ఘ్యం డిగ్రీకి 0.3 నానోమీటర్ల చొప్పున జరుగుతుంది. పది డిగ్రీలు తేడా వస్తే మూడు నానోమీటర్లు, నియోడిమియం శోషణ శిఖరం దాటిపోవడానికి అది చాలు. కడ్డీ దాటి బయటికొస్తున్న పంపును కొలుస్తూ డయోడ్ ఉష్ణోగ్రతను జరిపి, ఆ అంకె అతి తక్కువ అయ్యే చోట ఆపండి. రూబీ అయితే అనుమానించాల్సిన చోటు వేరు. బిగింపులో మూసుకుపోయి దీపం కాంతి పడని కొన ఒక్క సెంటీమీటరు ఉన్నా, అక్కడ శోషణ సెంటీమీటరుకు 0.2 చొప్పున రాకపోకలో మూడో వంతు కాంతి పోతుంది. నియోడిమియం కడ్డీకి 1064 దగ్గర ఈ నష్టం లేదు. బిగింపు లోపలున్న కొన ఆ కాంతికి మామూలు గాజులాంటిదే.

వెలిగింది గానీ థ్రెషోల్డ్ 17 వాట్లు కాకుండా చాలా ఎక్కువ వచ్చిందనుకుందాం. తప్పు నష్టాల్లో ఉందా, పంపులో ఉందా? రెండు వేర్వేరు అద్దాలతో కొలిచి తేల్చవచ్చు. నాలుగు స్థాయిల లేజర్‌కు:

```
P_th = K·(δ - ln R)
```

`δ` ఇతర నష్టాలు, `R` రెండో అద్దం ప్రతిఫలించే భాగం, `K` పంపు ఎంత బాగా లేజర్ పుంజంపై పడుతుందో చెప్పే గుణకం, `P_th` కడ్డీలో శోషణ అయిన పంపు. మన కడ్డీకి `K` 135 వాట్లు, `δ` 0.02. 95 శాతం అద్దంతో 9.7 వాట్లు, 80 శాతం అద్దంతో 33 వాట్లు రావాలి. మీకు 20, 43 వచ్చాయనుకోండి. తేడా 23 వాట్లు, `-ln R` తేడా 0.172. భాగిస్తే `K` 134, అంటే పంపు సవ్యంగానే ఉంది. `δ` మాత్రం 20/134 - 0.051 = 0.098, రెండు శాతం ఉండాల్సిన నష్టం దాదాపు పది శాతమైంది. అద్దాల మీదా కడ్డీ కొసల మీదా దుమ్ము, కాలిన కోటింగ్, అద్దం వంకర, ఈ వరుసలో వెతకండి. అలాకాక `δ` 0.02 దగ్గరే ఉండి `K` పెరిగితే అద్దాల జోలికి పోవద్దు. పంపు మచ్చ లేజర్ పుంజం మీద సరిగా కూర్చోలేదు, లెన్స్‌ను జరపాలి. రూబీకి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ అద్దం మార్చినా థ్రెషోల్డ్ కదిలేది కొలతలో తప్పొచ్చేంత మేరకే.